నాలుగో వంతుల లెక్క: ఆర్కిమెడిస్ పక్కన నీలకంఠుడు

అనంత గుణశ్రేఢి మొత్తాన్ని క్లాసులో రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. మొత్తాన్ని S అనుకోమంటారు. దాన్ని సామాన్య నిష్పత్తి r తో గుణించి, మొదటి దాంట్లోంచి తీసేయమంటారు. a/(1 − r) వచ్చేస్తుంది. పక్కన |r| < 1 అని ఒక షరతు రాసుకోమంటారు. సూత్రం అందరికీ గుర్తుంటుంది, షరతు పరీక్ష రోజున గుర్తొస్తుంది. ఆ షరతు లేకపోతే ఏమవుతుందో, అసలు అది లెక్కలో ఏ మెట్టు దగ్గర పని చేస్తుందో అడిగితే చాలామంది తడబడతారు. తప్పు వాళ్లది కాదు. ఆ రెండు నిమిషాల లెక్కలో షరతుకు పనే లేదు మరి.

దానికి పని కల్పించిన ఇద్దరున్నారు. ఒకడు క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ వాడు, ఆర్కిమెడిస్. రెండోవాడు కేరళలో తిరూర్ దగ్గరి తృక్కండియూర్‌లో 1444లో పుట్టిన నీలకంఠ సోమయాజి. ఇద్దరి మధ్యా పదిహేడు శతాబ్దాల దూరం. ఒకరి రాత మరొకరికి చేరిందనడానికి ఏ ఆధారమూ లేదు. అయినా ఇద్దరూ ఒకే శ్రేణిని పట్టుకున్నారు. ఒకటి, దానిలో నాలుగో వంతు, అందులో మళ్లీ నాలుగో వంతు, అలా సాగే వరస. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది: ఒకటీ మూడో వంతు, అంటే 4/3. జవాబు ఒకటే కాబట్టి ఇద్దర్నీ పొగిడి ఊరుకోవచ్చు, చాలామంది చేసేది అదే. నాకు మాత్రం వాళ్లు విడిపోయే చోటే ఆసక్తిగా కనిపిస్తుంది.

ముందు ఆర్కిమెడిస్. పరావలయ ఖండపు వైశాల్యం మీద ఆయన రాసిన గ్రంథం డొసీథియస్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంతో మొదలవుతుంది. ఒక పరావలయాన్ని సరళరేఖతో అడ్డంగా కోస్తే వచ్చే ముక్క ఎంత పెద్దది అన్నది ప్రశ్న. ఆ ముక్కలో అదే భూమి, అదే ఎత్తు ఉన్న త్రిభుజాన్ని ఇరికిస్తాడు. రెండు పక్కలా రెండు చిన్న ఖండాలు మిగులుతాయి. వాటిలోనూ అలాగే ఒక్కో త్రిభుజం. ఆ చిన్న త్రిభుజం ఒక్కొక్కటీ పెద్దదానిలో సరిగ్గా ఎనిమిదో వంతని నిరూపిస్తాడు. రెండూ కలిపితే నాలుగో వంతు. తర్వాతి విడతలో నాలుగు త్రిభుజాలు, అవన్నీ కలిపి అంతకుముందు విడతలో నాలుగో వంతు. మొదటి త్రిభుజం వైశాల్యం 1 అనుకుంటే లెక్క ఇదీ:

1 + 1/4 + 1/16 + 1/64 + …

ఇక్కడ ఆ చివరి మూడు చుక్కలు పెట్టింది నేను. ఆయన పెట్టడు. ఆయన వరసకు ఎప్పుడూ ఒక ఆఖరి పదం ఉంటుంది. గ్రంథంలోని 23వ ప్రతిపాదన చెప్పేదల్లా ఇంతే: ఎన్ని పదాలైనా కూడు, దానికి ఆఖరి పదంలో మూడో వంతు కలుపు, వచ్చేది ఎప్పుడూ మొదటి పదానికి 4/3 రెట్లు. మూడు పదాలతో చూద్దాం. 1 + 1/4 + 1/16 అంటే 21/16. ఆఖరి పదం 1/16, దానిలో మూడో వంతు 1/48. 21/16 అంటే 63/48. కలిపితే 64/48, అంటే 4/3. ఇంకో పదం చేర్చినా 4/3యే. ఎందుకంటే ఏ పదానికైనా దాని మూడో వంతు కలిపితే, వచ్చేది ముందు పదంలో మూడో వంతు. ఆఖరి పదం, దాని మూడో వంతు కలిసి పై పదపు మూడో వంతవుతాయి. అది పై పదంతో కలిసి ఆ పైదాని మూడో వంతవుతుంది. అలా పైకి మడుచుకుంటూ వెళితే మొదటి పదం, దాని మూడో వంతు మిగులుతాయి. ఇందులో అనంతం ఊసే లేదు. పదో తరగతి పిల్లవాడు సరిచూడగల భిన్నాల లెక్క.

ఇప్పుడు నీలకంఠుడు. 1501 ప్రాంతంలో తంత్రసంగ్రహం రాసిన ఈయన, తర్వాత ఆర్యభటీయానికి పెద్ద భాష్యం రాశాడు. అందులో గణితపాదాన్ని వివరిస్తూ ఒకచోట చాపం పొడవు లెక్కకు వస్తాడు. వృత్తంలో ఒక చాపానికి జ్యా, శరం తెలిస్తే చాపం ఎంత? చాపపు రెండు కొసల్నీ కలిపే గీత వర్గం, జ్యా వర్గానికి శరం వర్గం కలిపితే వస్తుంది. ఆ గీత చాపం కన్నా కాస్త చిన్నది. చాపాన్ని సగం చేసి రెండు గీతలు గీస్తే ఇంకాస్త దగ్గరవుతాం. సగం చాపపు శరం మొదటి శరంలో సుమారు నాలుగో వంతు. లెక్క వేసుకుంటే, ఇలా సగం చేసినప్పుడల్లా మొత్తం వర్గానికి చేరే అదనం అంతకుముందు చేరినదానిలో నాలుగో వంతు. శరం వర్గాన్ని 1 అనుకుంటే మళ్లీ అదే వరస. అందుకే ఆయన సూత్రంలో చాపం వర్గం దాదాపుగా జ్యా వర్గం, శరం వర్గానికి ఒకటీ మూడో వంతు రెట్లు, ఈ రెండింటి మొత్తం.

ఈ సందర్భంలోనే భాష్యకారుడు తనను తానే ఒక ప్రశ్న వేసుకుంటాడు. నాలుగో వంతు, పదహారో వంతు అంటూ కూడుకుంటూ పోతే మొత్తం మూడో వంతు వరకే పెరుగుతుందని ఎలా తెలుసు? అంతవరకూ పెరిగి తీరుతుందని మాత్రం ఎలా తెలుసు? ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. ఒకటి దాటకపోవడం గురించి, రెండోది చేరుకోవడం గురించి. ఈ రెంటినీ విడదీసి అడగడమే ఈయన గొప్పదనం అంటాను. 1/3 దాటని మొత్తాలు కొల్లలు. 1/4 + 1/16 + 1/64 + … దాటదు, సరే. కానీ అది 1/2ను కూడా దాటదు. దాటకపోవడం ఒక్కటే చూపిస్తే జవాబు మూడో వంతే అనడానికి వీల్లేదు.

ఆయన చెప్పుకున్న జవాబు మూడో వంతు నుంచే మొదలవుతుంది. 1/3లోంచి 1/4 తీస్తే మిగిలేది 1/12, అంటే మూడో వంతులో నాలుగో వంతు. 1/12లోంచి 1/16 తీస్తే 1/48. 1/48లోంచి 1/64 తీస్తే 1/192. ఎప్పుడూ ఎంతో కొంత మిగులుతుంది కాబట్టి మొత్తం మూడో వంతును దాటదు. మిగిలేది ఎప్పటికప్పుడు నాలుగో వంతుకు కుంచించుకుపోతుంది, అత్యల్పమవుతుంది. పదాలన్నీ కలిపినప్పుడే మూడో వంతు సరిగ్గా వస్తుంది.

రెండింటినీ పక్కపక్కన పెడితే మొదట కంటికి తగిలేది పోలికే. ఆర్కిమెడిస్ ఆఖరున కలిపిన 1/48, నీలకంఠుడికి మిగిలిన 1/48 ఒక్కటే. ఒకడు కింది నుంచి పైకి కూడాడు, మరొకడు పై నుంచి కిందికి తీశాడు. ఇద్దరూ నిజానికి మొత్తాన్ని లెక్క కట్టలేదు, మిగులును లెక్క కట్టారు. మన అక్షరాల్లో రాస్తే ఇద్దరి మాటా ఇదే:

a + ar + ar² + … + arⁿ⁻¹ = a/(1 − r) − rⁿ · a/(1 − r)

కుడివైపు రెండో ముక్కే మిగులు. అది సున్నా వైపు పోతే మొత్తం a/(1 − r) దగ్గర స్థిరపడుతుంది, అంటే శ్రేణి అభిసరిస్తుంది. పోకపోతే అభిసరించదు. నిర్ణయం మొత్తం rⁿ చేతిలో ఉంది. |r| < 1 షరతు పుట్టిల్లు అదే.

ఇక తేడా. మిగులు అత్యల్పమవుతుందని నీలకంఠుడు అన్నాడు. నాలుగో వంతుకు నాలుగో వంతవుతూ పోయేది ఎంత చిన్న సంఖ్య చెప్పినా దానికన్నా చిన్నదవుతుందా? అవుతుందని మనకు ఎంత సహజంగా తోస్తుందో ఆయనకూ అంతే సహజంగా తోచింది. దానికి వేరే ఆధారం చూపలేదు. ఆర్కిమెడిస్ ఆ ఆధారాన్ని ముందే, డొసీథియస్‌కు రాసిన ఉత్తరంలోనే పెట్టాడు. రెండు వైశాల్యాల్లో పెద్దది చిన్నదాన్ని ఎంత మించుతుందో, ఆ తేడాను దానికదే మళ్లీ మళ్లీ కలుపుకుంటూ పోతే ఎంత పెద్ద వైశాల్యాన్నైనా దాటించవచ్చు అన్నది ఆ మాట. తనకు ముందటి జ్యామితికారులు కూడా దీన్ని వాడుకునే వృత్తాల, శంకువుల గురించి నిరూపించారని గుర్తు చేస్తాడు. ఒప్పుకోమని అడిగిన మాట ఇదనీ, దీని మీద నిలబడే మిగతాదంతా చెబుతున్నాననీ ముందే తేల్చేశాడన్నమాట.

ఈ మాట గుణశ్రేఢికి ఎలా పనికొస్తుందో చూడండి. r విలువ 1 కన్నా తక్కువ ధన సంఖ్య అయితే 1/r ఒకటి కన్నా ఎక్కువ. దాన్ని 1 + h అనుకుందాం. h ఎంత చిన్నదైనా (1 + h)ⁿ కనీసం 1 + nh అవుతుంది. nh అంటే h ను దానికదే n సార్లు కలపడం. ఆర్కిమెడిస్ మాట ప్రకారం అది ఎంత పెద్ద సంఖ్యనైనా దాటుతుంది. కాబట్టి (1/r)ⁿ హద్దు లేకుండా పెరుగుతుంది, rⁿ హద్దు లేకుండా తగ్గుతుంది. ఇంత చిన్న ఆధారంతో |r| < 1 అయిన ప్రతి గుణశ్రేఢీ అభిసరిస్తుందని తేలిపోతుంది. r ఋణాత్మకమైతే పరిమాణం చూస్తే చాలు.

చివరి మెట్టులోనూ ఇద్దరి దారులు వేరు. నీలకంఠుడు పదాలన్నీ కలిపితే అంటాడు. అన్నీ కలపడం అంటే ఏమిటో చెప్పడు, అది అప్పటికి ఎవరూ చెప్పగలిగింది కాదు. ఆర్కిమెడిస్ ఆ మాట అనకుండానే దాటేస్తాడు. ఖండం వైశాల్యం 4/3 కన్నా ఎక్కువ అనుకోండి. త్రిభుజాలు చాలినన్ని విడతలు ఇరికిస్తే, బయట మిగిలిన జాగా ఆ ఎక్కువ కన్నా చిన్నదవుతుంది. అప్పుడు త్రిభుజాల మొత్తం 4/3ను మించాలి. కానీ ఆ మొత్తం ఎప్పుడూ 4/3కి ఆఖరి పదంలో మూడో వంతు తక్కువే, మించడం కుదరదు. పోనీ ఖండం 4/3 కన్నా తక్కువ అనుకోండి. ఆఖరి పదం ఆ తక్కువ కన్నా చిన్నదయ్యేదాకా విడతలు పెంచండి. అప్పుడు త్రిభుజాల మొత్తం ఖండాన్నే మించిపోవాలి. ఖండంలోపల ఉన్న త్రిభుజాలు ఖండాన్ని ఎలా మించుతాయి? అదీ కుదరదు. ఎక్కువా కాదు, తక్కువా కాదు, కాబట్టి సమానం. నీలకంఠుడి రెండు ప్రశ్నలూ ఈ రెండు పక్షాల వాదనలో ఉన్నాయి. కానీ పాఠకుడు వాటిని తవ్వి తీసుకోవాలి. నిరూపణలో ఆర్కిమెడిస్‌దే పైచేయి. అయితే విద్యార్థికి ముందుగా ఎవర్ని చదివిస్తావని అడిగితే నీలకంఠుణ్ణే అంటాను. ఏం నిరూపించాలో తెలియనివాడికి నిరూపణ ఎంత గట్టిదైనా చేదుమాత్రే.

ఆర్కిమెడిస్ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. అది నడవాలంటే జవాబు ముందే తెలియాలి, కొలవడానికి పక్కన ఒక ఖండం ఉండాలి. బొమ్మ లేని ఉత్త సంఖ్యల వరస ఇస్తే, ఎక్కువ తక్కువలు చూడటానికి ఆ రెండో వస్తువు లేదు. నీలకంఠుడి తీసివేతకు బొమ్మతో పని లేదు.

అయితే ఆ తీసివేతలో ఒక ఉచ్చు ఉంది. క్లాసులోని రెండు నిమిషాల లెక్క కూడా అందులోనే పడుతుంది. r = 2 తీసుకుందాం. 1 + 2 + 4 + 8 + … సూత్రంలో వేస్తే 1/(1 − 2), అంటే −1. ధన సంఖ్యలు కూడితే ఋణ సంఖ్య! ఇప్పుడు నీలకంఠుడిలా −1లోంచి ఒక్కో పదం తీస్తూ పోదాం. −1లోంచి 1 తీస్తే −2. అందులోంచి 2 తీస్తే −4. అందులోంచి 4 తీస్తే −8. ఏ మెట్టులోనూ తప్పు లేదు. ప్రతి మెట్టులో కూడినదీ, మిగులూ కలిపితే ఖచ్చితంగా −1 వస్తుంది. మూడు పదాల మొత్తం 7, మిగులు −8, రెండూ కలిపితే −1. సమీకరణం నిజమే, మొత్తం అబద్ధం. ఎందుకంటే మిగులు పోవడం లేదు, ప్రతిసారీ రెట్టింపవుతోంది. S అనుకోండి అని మొదలుపెట్టే పాఠం ఈ మిగులును కంటికి కనిపించకుండా మింగేస్తుంది. మొత్తం అంటూ ఒకటి ఉంటే అది a/(1 − r) అవుతుందని మాత్రమే ఆ పాఠం చూపగలదు. ఉందో లేదో దానికి తెలియదు.

r = −1 దగ్గర మోసం ఇంకా సన్నగా ఉంటుంది. 1 − 1 + 1 − 1 + … సూత్రం 1/2 అంటుంది. 1/2లోంచి 1 తీస్తే −1/2, దానికి 1 కలిపితే 1/2, మళ్లీ −1/2. మిగులు పెరగదు, తగ్గదు, రెండు విలువల మధ్య ఊగుతుంది. 1703లో ఇటలీలో గ్రాండీ ఈ శ్రేణికి 1/2 విలువ కట్టాడు. లైబ్నిజ్ ఒప్పుకున్నాడు, తర్వాత ఆయిలర్ కూడా దానికే మొగ్గాడు. వాళ్లు వెర్రివాళ్లు కాదు. మొత్తం అన్న మాటకు మరో అర్థం ఇస్తే 1/2 చక్కగా అతుకుతుంది. కానీ పదాలు కూడుకుంటూ పోతే చేరే సంఖ్య అన్న అర్థంలో ఈ శ్రేణికి మొత్తం లేదు. 1821లో కోషీ తన విశ్లేషణ పాఠాల్లో, పాక్షిక మొత్తాలు ఒక హద్దు వైపు పోతేనే శ్రేణి అభిసరిస్తుందని, లేకపోతే దానికి మొత్తమే లేదని గిరి గీశాడు. నీలకంఠుడి అన్నీ కలిపితే అన్న మాటకు అక్కడికి గానీ ఖాయమైన అర్థం రాలేదు.

r = −1/2 అయితే ఇంకో సంగతి బయటపడుతుంది. 1 − 1/2 + 1/4 − 1/8 + … మొత్తం 2/3. పాక్షిక మొత్తాలు 1, 1/2, 3/4, 5/8. ఒకసారి 2/3కి పైన, ఒకసారి కింద. దాటదు, చేరుతుంది అన్న జంట ప్రశ్నలో మొదటిది ఇక్కడ చెల్లదు, ప్రతి రెండో అడుగుకూ దాటుతూనే ఉంది. మిగులు పరిమాణం ఒక్కటే లెక్కకు వస్తుంది. నీలకంఠుడి ప్రశ్న ధన పదాలకు కొలిచి కుట్టిన చొక్కా.

లెక్క కట్టేవాడు ఎక్కువగా జారిపడేది మాత్రం వేరే చోట, r ఒకటికి దగ్గరగా ఉన్నప్పుడు. నాలుగో వంతుల వరసలో ఆఖరి పదం కన్నా మిగులు చిన్నది, మూడో వంతే. r = 1/2 అయితే మిగులు ఆఖరి పదమంత. r = 9/10 అయితే ఆఖరి పదానికి తొమ్మిది రెట్లు. r = 0.99 అయితే 99 రెట్లు. ఈ ఆఖరి శ్రేణి మొత్తం 100. నూరు పదాలు కూడాక చేతిలో ఉండేది సుమారు 63.4. పదాలు చిన్నవయ్యాయి కదా అని అక్కడ ఆపితే మూడో వంతు పైనే పోగొట్టుకున్నట్టు. పక్కనే r = 1.01 పెట్టండి. మొదటి మూడు పదాలు 1, 1.01, 1.0201. అటువైపు 1, 0.99, 0.9801. నాలుగైదు పదాలు చూసి ఏది ఆగుతుందో ఏది ఆగదో కంటితో చెప్పలేం. చెప్పేది నిష్పత్తి. అందుకే గుణశ్రేఢి ఇస్తే మొదట చేయాల్సింది కూడటం కాదు, ఒక పదాన్ని దాని ముందు పదంతో భాగించడం. ఆ భాగఫలం అన్ని చోట్లా ఒకటేనా అని చూడటం, ఆపైన దాని పరిమాణం ఒకటికి తక్కువో కాదో చూడటం. పదాలు సున్నా వైపు పోతున్నాయన్న గుర్తు గుణశ్రేఢికి చాలుతుంది, వేరే శ్రేణులకు చాలదు. 1 + 1/2 + 1/3 + 1/4 + … పదాలు తగ్గుతూనే ఉంటాయి, మొత్తం హద్దు దాటుతూనే ఉంటుంది.

నిష్పత్తి అన్ని చోట్లా ఒకటేనా అన్న ఆ ప్రశ్న నీలకంఠుణ్ణే తిరిగి అడగాలి. ఆర్కిమెడిస్‌కు నాలుగో వంతు ప్రతి విడతలోనూ ఖచ్చితం, పరావలయపు స్వభావం అది. నీలకంఠుడికి నాలుగో వంతు సుమారు మాత్రమే. వ్యాసార్ధం 1, చాపం 60 డిగ్రీలు తీసుకుందాం. శరం 0.5. సగం చాపానికి శరం 0.134, నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువ. అందువల్ల మొదటి అదనం 1/4 కాదు, 0.287. తర్వాతి నిష్పత్తి 0.259, ఆ తర్వాతిది 0.252. చాపం చిన్నదయ్యేకొద్దీ 1/4 వైపు వస్తుంది. ఒకటీ మూడో వంతు అని వేసి లెక్క కడితే చాపం 1.0408 వస్తుంది. అసలు విలువ 1.0472. అదే 30 డిగ్రీలకు 0.52339, అసలుది 0.52360; తేడా దాదాపు కనిపించదు. ఆయన తన సూత్రాన్ని సుమారుగానే చెప్పాడు కాబట్టి ఇది తప్పు కిందికి రాదు.

కానీ 60 డిగ్రీల దగ్గర ఆయన శ్రేణి గుణశ్రేఢి కాదు కదా, అది అభిసరిస్తుందని ఎలా చెప్పాలి? నిష్పత్తులన్నీ 0.3 లోపే ఉన్నాయి. కాబట్టి ప్రతి పదమూ 1 + 0.3 + 0.09 + … లోని దాని జత పదాన్ని దాటదు. ఈ రెండోది నికార్సయిన గుణశ్రేఢి, దీని మొత్తం 10/7, సుమారు 1.43. ధన పదాల మొత్తం పెరుగుతూ పోతుంది, 1.43 దాటలేదు, కాబట్టి ఎక్కడో ఒకచోట స్థిరపడక తప్పదు. ఎక్కడన్నది గుణశ్రేఢి చెప్పదు, పదాలు కూడి చూసుకోవాలి. కూడితే 1.3865 దగ్గర ఆగుతుంది. దాన్ని శరం వర్గం 0.25తో గుణించి, జ్యా వర్గం 0.75 కలిపి, వర్గమూలం తీస్తే 1.0472 వస్తుంది.